పిక్ లైన్ ఉన్న చెయ్యి వాచింది: లైన్ తీసెయ్యాలా, ఉంచాలా?

రోగి వయసు 54, బరువు 52 కిలోలు. భీమిలి దగ్గరి పల్లె నుంచి చికిత్స కోసం విశాఖపట్నం వస్తున్న గృహిణి. పెద్దపేగు చివరి మలుపులో ఉన్న క్యాన్సర్‌ను ఆపరేషన్ చేసి తీసేశారు. లింఫ్ గ్రంథుల్లో కూడా కణాలు కనిపించడంతో మూడో దశగా లెక్కగట్టి, రెండు వారాలకొకటి చొప్పున 12 విడతల ఫోల్‌ఫాక్స్ కీమో అనుకున్నారు. ఈ కీమోలో ఫ్లోరోయురాసిల్ మందు 46 గంటల పాటు చిన్న పంపులోంచి నెమ్మదిగా ఎక్కాలి. ముంజేతి మీది సన్నని నరం అంతసేపు దాన్ని తట్టుకోలేదు. అందుకని ఏప్రిల్ నెలలో ఎడమ మోచేతికి పైన, బాసిలిక్ సిరలోంచి రెండు దారులున్న 5 ఫ్రెంచ్ మందం పిక్ లైన్, అంటే చేతి సిరలోంచి గుండె దగ్గరి పెద్ద సిర దాకా వెళ్లే సన్నని గొట్టం వేశారు. మొన గుండెకు పైనున్న పెద్ద సిర, అంటే సుపీరియర్ వీనా కేవా అడుగు భాగంలో ఉన్నట్టు ఎక్స్‌రే చూపింది. చర్మం బయట కనిపించే భాగం ఒక సెంటీమీటరు.

రెండో విడత కీమో అయిన మూడో రోజు, అంటే లైన్ వేసిన 19వ రోజు, చెయ్యి బరువెక్కింది. కోడలు ముందుగా గమనించినది ఎడమ వైపు జాకెట్టు చెయ్యి పట్టకపోవడం. ఊళ్లోని క్లినిక్‌లో చర్మం ఇన్ఫెక్షన్ అనుకుని నాలుగు రోజులు యాంటీబయాటిక్, నొప్పికి డైక్లోఫెనాక్ ఇచ్చారు. జ్వరం లేదు, చర్మం ఎర్రబారలేదు, ముట్టుకుంటే వేడి లేదు. చెయ్యి మాత్రం భుజం దాకా సమంగా లావెక్కింది. చర్మం ఇన్ఫెక్షన్ ఒకచోట మొదలై అంచు కట్టుకుని పాకుతుంది. సిర మూసుకుపోతే దాని కింద ఉన్న చెయ్యంతా ఉబ్బుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుని ఉంటే నాలుగు రోజులు కలిసొచ్చేవి. మాకు చూపించేటప్పుడు ఆమె అన్న మాట కూడా అదే చెప్పింది: "నొప్పి కాదు సిస్టరమ్మా, సెయ్యంతా రాయి కట్టినట్టు బరువు."

23వ రోజు పరీక్షలో మోచేతి ఎముక మొన నుంచి 10 సెంటీమీటర్ల పైన కొలిస్తే ఎడమ చెయ్యి 29.5, కుడి చెయ్యి 26 సెంటీమీటర్లు. ఎడమ ఛాతీ పైభాగంలో చర్మం కింద నీలి నరాలు తేలాయి. దారి మూసుకుపోయిన రక్తం పక్కదారులు వెతుక్కుంటోందన్నమాట. ముఖం వాపు లేదు, ఆయాసం లేదు, ఆక్సిజన్ 98 శాతం. లైన్ వేసిన రోజునే రెండు చేతుల చుట్టుకొలతా రాసిపెట్టి ఉంటే ఈ 3.5 సెంటీమీటర్ల తేడాలో పాతదెంతో కొత్తదెంతో తేలిపోయేది. ఆమె ఫైలులో ఆ కొలత లేదు.

సిరల్లో రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్‌లో బాసిలిక్, యాక్సిలరీ, సబ్‌క్లేవియన్ సిరలు మూడింటిలోనూ రక్తపు గడ్డ కనిపించింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కాలి సిరలో గడ్డ ఉందో లేదో ప్రోబుతో నొక్కి చూసి తేలుస్తారు. మామూలు సిర నొక్కితే అణిగిపోతుంది, గడ్డ ఉన్నది అణగదు. సబ్‌క్లేవియన్ సిర మెడ ఎముక కింద దాక్కుని ఉంటుంది కాబట్టి నొక్కడం కుదరదు. అక్కడ రంగులో ప్రవాహం ఉందా, ఊపిరి తీసి వదిలేటప్పుడు ప్రవాహం మారుతోందా అన్నదే ఆధారం. మారకుండా ఒకే తీరుగా సాగుతుంటే కనిపించని చోట, ఇంకా పైన, అడ్డు ఉందని అనుమానించి సీటీ వెనోగ్రామ్ చెయ్యాలి. ఈమెకు గడ్డ కంటికే కనిపించింది కనుక సీటీ అవసరం పడలేదు. ఒంట్లో గడ్డ ఉంటే రక్తంలో పెరిగే డీ-డైమర్ పరీక్ష చెయ్యలేదు. క్యాన్సర్, ఇటీవలి ఆపరేషన్, కీమో మూడూ ఉన్న మనిషిలో అది ఎలాగూ ఎక్కువే ఉంటుంది, డబ్బు దండగ.

ఈమెకే ఎందుకు గడ్డకట్టింది? క్యాన్సర్‌కూ రక్తపు గడ్డలకూ ఉన్న చుట్టరికాన్ని ఫ్రెంచి వైద్యుడు ట్రూసో 1865లోనే చెప్పాడు. చాలా క్యాన్సర్ కణాలు తమ ఒంటి మీద టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను మోస్తాయి. మామూలుగా ఇది రక్తనాళం గోడ వెలుపల ఉంటుంది. గోడ తెగితేనే రక్తానికి తగిలి గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెడుతుంది. క్యాన్సర్ కణాలు దీన్ని చిన్న చిన్న రేణువులుగా రక్తంలోకే వదులుతాయి. అంటే ఎక్కడా గాయం లేకుండానే గాయమైందన్న కబురు ఒళ్లంతా తిరుగుతుంది. కణితి వల్ల రేగిన వాపు తెల్లకణాలను, ప్లేట్‌లెట్లను కూడా అటే నెడుతుంది. ఈమెకు కణితి తీసేసినా ఆపరేషన్ చేసి రెండు నెలలే అయింది, పైగా ఫ్లోరోయురాసిల్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసే మందు.

కీమోకు ముందు ప్రమాదాన్ని అంచనా కట్టడానికి ఖొరానా స్కోరు వాడతారు. పెద్దపేగు క్యాన్సర్‌కు అందులో మార్కు లేదు. హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువైతే ఒకటి, ప్లేట్‌లెట్లు మూడున్నర లక్షలు, ఆపైన ఉంటే ఇంకొకటి. ఈమెకు హిమోగ్లోబిన్ 9.6, ప్లేట్‌లెట్లు 3.9 లక్షలు, స్కోరు రెండు. రెండు వస్తే తక్కువ మోతాదులో రక్తం పలచబరిచే మందు ముందుగానే ఇవ్వడం గురించి ఆలోచించమంటారు. పేగు క్యాన్సర్ నుంచి రక్తం కారి హిమోగ్లోబిన్ పడిపోయిన మనిషికి అప్పట్లో అది మొదలుపెట్టకపోవడాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ స్కోరులో పిక్ లైన్‌కు గడి లేదని గుర్తుంచుకోవాలి. ఈ కేసులో ముల్లు అక్కడే ఉంది.

లైన్ వేసేటప్పుడు తీసిన అల్ట్రాసౌండ్ బొమ్మలో బాసిలిక్ సిర వ్యాసం 3.2 మిల్లీమీటర్లు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు, కాబట్టి 5 ఫ్రెంచ్ గొట్టం 1.67 మిల్లీమీటర్లు. సిర వ్యాసంలో 52 శాతం. ఈ వాటా 45 శాతం దాటకూడదన్నది లైన్లు వేసేవాళ్లు పాటించే హద్దు. దారి వైశాల్యంగా చూస్తే గొట్టం ఆక్రమించింది పావు వంతు కంటే కొంచెం ఎక్కువే కదా, ముప్పావు వంతు ఖాళీయే కదా అనిపిస్తుంది. అయితే సిరలో రక్తం అన్నిచోట్లా ఒకే వేగంతో పోదు. నడిమధ్య వడిగా, గోడ పక్కన నెమ్మదిగా పోతుంది. గొట్టం ఆ వడి ఉన్న దారిలో దూరితే మిగిలిందంతా రెండు గోడల మధ్య ఈడ్చుకుంటూ పోయే పల్చటి పొర. నిలవ ఉన్న రక్తం, గీసుకుపోయిన గోడ, గడ్డకట్టే గుణం ఎక్కువైన రక్తం, మూడూ ఒకే చోట కలిశాయి. అదే సిరలో 4 ఫ్రెంచ్ గొట్టం వేసి ఉంటే 42 శాతంతో హద్దులోనే ఉండేది. ఫోల్‌ఫాక్స్‌కు రెండు దారులు తప్పనిసరి కాదు. రెండో దారి ఉంటే రక్తం తీయడానికి సుళువు, అంతే.

వైపు కూడా లెక్కే. కుడిచేత్తో ఇంటిపని చేసుకుంటుందని ఎడమవైపు ఎంచుకున్నారు. మంచి ఉద్దేశమే, కాని ఎడమ నుంచి పెద్ద సిరకు దారి పొడుగు. ఛాతీని అడ్డంగా దాటి మలుపు తిరగాలి. గొట్టం గోడకు రాసుకునే చోట్లు పెరుగుతాయి.

ఇక మూడోది, ఈ ఊళ్లో వేసవిలో లైన్లు చూసుకునే నర్సులందరికీ తెలిసినదే. ఏప్రిల్, మే నెలల ఉక్కపోతకు పారదర్శకమైన అంటుపట్టీ ఏడు రోజులు నిలవదు, మూడో రోజుకే అంచులు లేస్తాయి. ఈమె చేతికి పట్టీ ఒకసారి ఊడిపోతే ఇంట్లో మామూలు ప్లాస్టర్ అంటించారు. మా పరీక్షలో చర్మం బయట గొట్టం నాలుగు సెంటీమీటర్లు ఉంది. మొదట ఒకటే. మూడు సెంటీమీటర్లు బయటికి జారిందంటే లోపల మొన కూడా అంత పైకి వచ్చినట్టే. పెద్ద సిర అడుగున వెడల్పూ ప్రవాహమూ ఎక్కువ. మొన పైకి వచ్చేకొద్దీ గోడను పొడుస్తుంది, మందు ఒకే చోట పడుతుంది. ఎక్స్‌రేలో మొన పెద్ద సిర నడిమికి వచ్చి ఆగింది. జారిన గొట్టాన్ని తిరిగి లోపలికి తొయ్యకూడదు. బయట ఉన్న భాగంతో పాటు చర్మం మీది సూక్ష్మజీవులూ లోపలికి పోతాయి. చెమట పట్టే కాలంలో పట్టీ మార్పు వారానికొకసారి అని కాకుండా అంచు లేచినప్పుడల్లా అని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మార్చిన ప్రతిసారీ బయటి పొడవు రాయాలి.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. కుటుంబం అడిగింది, జూనియర్ డాక్టర్లూ అడిగారు: గడ్డకు కారణం గొట్టమైతే దాన్ని లాగేస్తే పోదా? తొలిచూపులో న్యాయంగానే ఉంటుంది. కానీ గొట్టం తీసినంత మాత్రాన గడ్డ కరగదు, రక్తం పలచబరిచే మందు ఎలాగూ నెలల తరబడి వాడాలి. ఇంకా పది విడతల కీమో ఉంది. ఇది తీస్తే ఇంకో చేతికి ఇంకో లైన్, రక్తం అదే, క్యాన్సర్ అదే, అక్కడా గడ్డకట్టే ప్రమాదం అదే. అప్పుడు రెండు చేతుల దారులూ పోతాయి. అందుకే నాలుగు విషయాలు చూసుకుంటాం: లైన్ అవసరం ఇంకా ఉందా, పనిచేస్తోందా, మొన సరైన చోట ఉందా, ఇన్ఫెక్షన్ లేదు కదా. నాలుగూ సరిపోతే ఉంచి మందు మొదలుపెట్టాలి. ఒక్కటి తప్పినా, లేదా మందు వాడుతున్నా వాపు పెరుగుతున్నా, తీసెయ్యాలి. ఇన్ఫెక్షన్ లేకపోతే తీసే ముందు మూడు నుంచి ఐదు రోజులు మందు ఇవ్వడం మంచిదని చాలామంది భావిస్తారు, ఎందుకంటే గొట్టానికి వదులుగా అంటుకున్న తాజా గడ్డ లాగేటప్పుడు ఊడి ఊపిరితిత్తులకు పోవచ్చు.

ఈమెకు అవసరం ఉంది, జ్వరం లేదు, మొన ఆదర్శమైన చోట లేకపోయినా పెద్ద సిరలోనే ఉంది. పనిచేయడం దగ్గరే సందేహం. ఒక దారి బాగానే ఉంది. రెండో దారిలో సెలైన్ లోపలికి పోతోంది గాని రక్తం వెనక్కి రావడం లేదు. ఇది సిరలోని గడ్డ లక్షణం కాదు. గొట్టం మొనకు రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ పోగుల తొడుగు పట్టి ఒకవైపు తలుపులా పనిచేస్తోంది. తోస్తే తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడటం వల్ల ఏటా ఎన్ని మంచి లైన్లు పోతున్నాయో. మొదట చెయ్యి జాగా మార్చి, దగ్గమని చెప్పి, 10 మిల్లీలీటర్ల సిరంజితో ఆగి ఆగి సెలైన్ ఎక్కించి చూశాం. చిన్న సిరంజి వాడకూడదు. దాని ఒత్తిడికి గొట్టం పగులుతుంది. ఫలితం లేకపోతే మిల్లీలీటరుకు 5,000 యూనిట్ల చొప్పున గడ్డను కరిగించే యూరోకైనేజ్ గొట్టం లోపలి పరిమాణానికి సరిపడా నింపి గంట ఉంచాం. తర్వాత లాగితే రక్తం వచ్చింది. మొదటి ఐదు మిల్లీలీటర్లు పారబోసి సెలైన్‌తో కడిగాం. లైన్ ఉంచాం.

అదే రోజు రక్తం పలచబరిచే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ మొదలైంది. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున 12 గంటలకొకసారి, ఆమె బరువుకు 50. బజారులో దొరికేది 60 మిల్లీగ్రాముల సిరంజి, గీతలు ఉంటాయి, 0.1 మిల్లీలీటరు పారబోసి మిగిలింది పొట్ట మీది చర్మం కింద ఇవ్వడం కోడలికి నేర్పాం. మొదటి పూటే మాత్ర ఇవ్వొచ్చు కదా? ఇవ్వొచ్చు. అయితే ఈమె హిమోగ్లోబిన్ ఎందుకు తక్కువో, ఆపరేషన్ చేసిన చోట రక్తం కారుతోందా లేదా అన్నది తేలేదాకా, గంటల్లో ప్రభావం తగ్గిపోయే, ఏమైనా అయితే ప్రోటమిన్‌తో కొంత విరుగుడు ఉన్న ఇంజెక్షన్ నయమనుకున్నాం. మలపరీక్షలో రక్తం లేదు. డైక్లోఫెనాక్ ఆపేశాం. ఆరో రోజు ప్లేట్‌లెట్లు చూశాం. ఎనాక్సాపరిన్ లాంటి హెపారిన్ జాతి మందులు వాడినప్పుడు ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పడిపోతే అది కీమో ప్రభావమని వదిలేయకూడదు. హెపారిన్ వల్లే పడిపోయి, పైపెచ్చు కొత్త గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. ఈమెకు 3.1 లక్షలు, ఫరవాలేదు.

ఏడు రోజుల తర్వాత తర్వాతి ఇంజెక్షన్ వేళకు దాని బదులు అపిక్సాబాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర, పూటకొకటి చొప్పున రోజుకు రెండు. మొదటి నుంచీ మాత్రే వాడితే మొదటి వారం 10 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. ఆ వారాన్ని పూర్తి మోతాదు ఇంజెక్షన్లు భర్తీ చేశాయి. 2003లో వచ్చిన క్లాట్ అధ్యయనం నుంచి చాలాకాలం క్యాన్సర్ రోగులకు ఇంజెక్షనే మేలన్నారు. వార్ఫరిన్ మాత్రతో 17 శాతం మందికి గడ్డ మళ్లీ వస్తే డాల్టెపరిన్ ఇంజెక్షన్‌తో 9 శాతం. 2020లో కారవాజియో అధ్యయనం అపిక్సాబాన్ ఆ ఇంజెక్షన్‌కు తీసిపోదని, పెద్ద రక్తస్రావం పెరగలేదని చూపింది. పేగులో కణితి ఇంకా ఉండి ఉంటే మేం ఇంజెక్షన్ దగ్గరే ఆగేవాళ్లం. తీసేశారు కాబట్టి మాత్రకు ధైర్యం చేశాం. బీపీ, షుగర్ డాక్టర్లకు బాగా అలవాటైన ఎసినోకౌమరాల్, వార్ఫరిన్ ఈమెకు అసలు పనికిరావు. ఫ్లోరోయురాసిల్ వాటి ప్రభావాన్ని పెంచి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్‌ను ఎగదోస్తుంది. రెండు వారాలకొకసారి కీమో వస్తుంటే ఐఎన్ఆర్ ఎన్నడూ నిలకడగా ఉండదు.

మూడో విడత అనుకున్న రోజుకే, అదే లైన్‌లోంచి ఎక్కింది. పది రోజుల్లో చుట్టుకొలత తేడా 3.5 నుంచి 1.5 సెంటీమీటర్లకు తగ్గింది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకుండా, పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తుగా ఉంచమన్నాం. బిగుతుగా కట్టు కట్టొద్దన్నాం.

తర్వాత వచ్చిన చిక్కు ప్లేట్‌లెట్లది. ఫోల్‌ఫాక్స్‌లోని ఆక్సాలిప్లాటిన్ మందు విడతలు పేరుకునేకొద్దీ అవి తగ్గుతాయి. ఐదో విడతకు 68,000. కీమోను వారం వాయిదా వేశాం, మాత్ర మాత్రం పూర్తి మోతాదులోనే సాగింది, 50,000 పైన ఉన్నంతవరకు ఆపనక్కరలేదు. ఎనిమిదో విడత వేళకు 41,000. గడ్డ కట్టి అప్పటికి దాదాపు మూడు నెలలైంది, మళ్లీ కట్టే ముప్పు మొదటి నెలలో ఉన్నంత లేదు. మాత్ర ఆపి ఎనాక్సాపరిన్ 40 మిల్లీగ్రాములు రోజుకొక్కసారికి దించాం. 50,000 దాటాక మాత్ర తిరిగి మొదలైంది. 25,000 కంటే తగ్గితే అంతా ఆపేవాళ్లం. ఇదే 41,000 మొదటి రెండు మూడు వారాల్లో వచ్చి ఉంటే దారి వేరు: ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటూ పూర్తి మోతాదు ఇవ్వాల్సి వచ్చేది.

తొమ్మిదో విడత తర్వాత ఆమె చిగుళ్ల నుంచి రక్తం, రెండుసార్లు ముక్కు నుంచి రక్తం అని ఫోన్ చేసింది. ప్లేట్‌లెట్లు 92,000, అంత తక్కువేం కాదు. మందులన్నీ సంచీతో సహా తెమ్మంటే బయటపడింది: చెమటకు నడుము దగ్గర తామర వస్తే మందుల షాపులో ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ ఇచ్చారు, వారం నుంచి వేసుకుంటోంది. అపిక్సాబాన్‌ను శరీరం బయటికి పంపే రెండు దారులను ఇట్రాకొనజోల్ ఒకేసారి మూసేస్తుంది, మందు రక్తంలో పేరుకుపోతుంది. కోస్తాలో తామరకు ఈ క్యాప్సూల్స్ చీటీ లేకుండానే అమ్ముడవుతాయి కాబట్టి అపిక్సాబాన్, రివరోక్సాబాన్ వాడేవాళ్లకు దీని పేరు పెట్టి హెచ్చరించాలి. "వేరే మందులు వేసుకోకండి" అంటే పూతో, పొడో, క్యాప్సూలో వాళ్ల లెక్కలోకి రాదు. రిఫాంపిసిన్, ఫినిటాయిన్, కార్బమజెపిన్ ఇందుకు తిరగబడి మందును త్వరగా ఖాళీ చేస్తాయి, గడ్డ తిరిగి వస్తుంది. ఒక రోజు మాత్ర ఆపి, ఇట్రాకొనజోల్ మానిపించి, పూతమందు ఇచ్చాం. ఇట్రాకొనజోల్ ప్రభావం ఒంట్లోంచి పోవడానికి సమయం పడుతుంది కనుక రెండు వారాలు మాత్రకు బదులు ఎనాక్సాపరిన్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడాం. దానికి ఆ దారులతో పని లేదు. రక్తం కారడం రెండో రోజే ఆగింది.

గొట్టం వల్ల వచ్చిన గడ్డకు కనీసం మూడు నెలలు, గొట్టం అంతకంటే ఎక్కువ కాలం ఉంటే అది ఉన్నన్నాళ్లూ మందు వాడాలి. ఈమెకు పన్నెండో విడత అయ్యాక లైన్ తీశాం. ఆ ఉదయం మాత్ర ఒక్కటి మానిపించి, వెల్లకిలా పడుకోబెట్టి, నెమ్మదిగా లాగి, ఐదు నిమిషాలు నొక్కి పట్టాం. గాలి లోపలికి పోకుండా పడుకునే ఉండాలి. బయటికొచ్చిన గొట్టం పొడవు వేసినప్పటి పొడవుతో సరిపోల్చాం. సీటీలో క్యాన్సర్ జాడ లేదు. గొట్టం పోయింది, కీమో అయిపోయింది, మందు వాడకం మూడు నెలల కనీస గడువు దాటింది. నెల తర్వాత అపిక్సాబాన్ ఆపాం. క్యాన్సర్ ఇంకా ఉండి ఉంటే ఆపేవాళ్లం కాదు; ఆరు నెలల తర్వాత 2.5 మిల్లీగ్రాముల మోతాదు గడ్డను అంతే బాగా ఆపుతూ రక్తస్రావం తక్కువ చేస్తుందని 2025లో వచ్చిన ఏపీఐ-క్యాట్ అధ్యయనం చూపాక, ఆ మోతాదుకు దిగేవాళ్లం.

ఆపే ముందు చేసిన డాప్లర్‌లో సబ్‌క్లేవియన్ సిర సగం తెరుచుకుంది, మిగతా సగం గట్టిపడిన మచ్చ. ఛాతీ మీది నీలి నరాలు సన్నబడ్డాయిగాని పోలేదు. బరువులు మోస్తే ఎడమ చెయ్యి కొంచెం లావెక్కుతుంది. ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాశాం: ఎడమవైపు సిర మూసుకుంది, ఇకముందు లైన్ అవసరమైతే కుడివైపు, సిర కొలిచాకే, ఒకే దారి ఉన్న 4 ఫ్రెంచ్ లేదా ఛాతీలో చర్మం కింద అమర్చే కీమోపోర్ట్.